కళ్ళజోడు చీటీలోని చేతిరాత: దూరం, దగ్గర, యాడ్, కుడి, ఎడమ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కళ్ళ పరీక్ష అయ్యాక చేతికి వచ్చే చీటీ మీద మహా అయితే ఇరవై అక్షరాలు, పది అంకెలు ఉంటాయి. అందులో ఒక్క గీత తప్పుగా చదివినా అద్దం తప్పుగా తయారవుతుంది. ఆ చీటీలను చదివి అద్దాలకు ఆర్డరు రాసే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి, నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు, వాటితోపాటు అడగవలసి ఉండీ ఎవరూ అడగని కొన్నింటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. అన్నిటికంటే ఎక్కువ చోటు యాడ్ అనే మాటకే ఇచ్చాను, ఎందుకంటే నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం అక్కడే పుట్టాయి.

OD, OS, OU అంటే ఏమిటి?

ఇవి లాటిన్ మాటల పొడి అక్షరాలు. ఆక్యులస్ డెక్స్‌టర్ అంటే కుడికన్ను, అది OD. ఆక్యులస్ సినిస్టర్ అంటే ఎడమకన్ను, అది OS. ఆక్యులస్ యుటర్‌క్వె అంటే రెండు కళ్ళలో ప్రతిదీ అని అర్థం, అది OU. లాటిన్ వాడని వైద్యులు RE, LE అని గానీ, ఉత్త R, L అని గానీ రాస్తారు. రెండు కళ్ళకూ కలిపి చెప్పవలసి వస్తే BE అంటారు.

చేతిరాతలో వీటికి ఒక చిక్కు ఉంది. వేగంగా రాసినప్పుడు U పైభాగం మూసుకుపోతే D లాగా కనిపిస్తుంది. అప్పుడు రెండు కళ్ళకూ ఉద్దేశించిన సంఖ్య కుడికంటికి మాత్రమే అనిపిస్తుంది. అలాంటి చోట ఎడమకంటికి వేరే వరుస ఉందో లేదో చూడాలి. ఎడమకంటి ఊసే లేని చీటీలో ఒంటరిగా OD కనబడితే, అది బహుశా OU అయి ఉంటుందన్న అనుమానం రావాలి.

అదే కాగితం మీద చుక్కల మందు పక్కన కూడా OD అని ఉంది. మందు కుడికంటికేనా?

ఈ ప్రశ్నను తేలికగా తీసుకోవద్దు. మందుల చీటీల్లో OD అంటే రోజుకు ఒకసారి అనే అర్థం కూడా వాడుకలో ఉంది. కంటి మందు పక్కన ఆ రెండక్షరాలే ఉంటే అవి కన్నును చెబుతున్నాయా, వేళను చెబుతున్నాయా అన్నది అక్షరాలను చూసి తేల్చలేము. పైగా చెవులకు వాడే AD, AS, AU అనే పొడి అక్షరాలు చేతిరాతలో వీటికి అచ్చంగా కవలల్లా ఉంటాయి. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ సేఫ్ మెడికేషన్ ప్రాక్టీసెస్ అనే సంస్థ పొరపాట్లకు దారితీసే సంక్షిప్తాల జాబితాలో ఈ ఆరింటినీ చేర్చింది. మందు విషయంలో ఏ కన్ను, రోజుకు ఎన్నిసార్లు అన్న రెండు సంగతులనూ రాసినవారినే అడిగి, పూర్తి మాటల్లో పక్కన రాసుకోవాలి.

చీటీలో ఎడమవైపు ఉన్న గడి కుడికంటిదా, ఎడమకంటిదా?

దాదాపు ఎప్పుడూ కుడికంటిదే. నిలువు వరుసల్లో రాస్తే కుడికన్ను ముందు, అడ్డంగా రాస్తే కుడికన్ను కాగితం ఎడమవైపు వస్తుంది. పరీక్షించేవారు మనకు ఎదురుగా కూర్చుంటారు కనుక మన కుడికన్ను వారి ఎడమచేతి వైపు కనబడుతుంది, కాగితం మీద కూడా అలాగే పడుతుంది. అక్షరం చెరిగిపోయిన చీటీకి ఇది ఆధారమే గానీ రుజువు కాదు. పాత కళ్ళజోడు ఉంటే దాని పవరును, అద్దాల పవరు కొలిచే యంత్రమైన లెన్సోమీటరు మీద చూడడం ఉత్తమం. రెండు కళ్ళ మధ్య తేడా గణనీయంగా ఉన్నవారిలో, పాత జోడులో ఏ కన్ను బలహీనంగా ఉందో కొత్త చీటీలోనూ సాధారణంగా ఆ కన్నే బలహీనంగా ఉంటుంది.

దూరం వరుసలో మూడేసి సంఖ్యలు ఎందుకు ఉన్నాయి?

మొదటిది స్ఫియర్, అంటే కంటికి కావలసిన ప్రధానమైన పవరు. రెండోది సిలిండర్, అంటే కంటి వంపు అన్ని దిశల్లో ఒకేలా లేనప్పుడు ఒక దిశలో మాత్రమే అదనంగా ఇచ్చే పవరు. మూడోది ఆ సిలిండర్‌ను అద్దంలో ఏ కోణంలో నిలపాలో చెప్పే యాక్సిస్. మొదటి రెండింటికీ కొలత డయాప్టర్, మూడోదానికి డిగ్రీ. సిలిండర్ అవసరం లేని కంటికి ఆ గడిని ఖాళీగా వదలకుండా DS అనో Sph అనో రాస్తారు. DS లోని D ని చూసి దూరం అని గానీ, S ని చూసి ఎడమకన్ను అని గానీ అనుకోకూడదు. Plano అన్నా, Pl అన్నా, 0.00 అన్నా స్ఫియర్ పవరు సున్న అని అర్థం.

సంఖ్యల్లో చుక్క కనబడడం లేదు. 150 అంటే ఎంత?

చాలామంది చేతిరాతలో దశాంశ బిందువు పెట్టరు. కళ్ళజోడు పవర్లు పావు డయాప్టర్ మెట్లలో నడుస్తాయి కాబట్టి చివరి రెండంకెలు 00, 25, 50, 75 లలో ఒకటిగా ఉండాలి. 150 అంటే 1.50, 075 అంటే 0.75. ఎప్పుడో ఒకసారి 0.12, 0.37 వంటి అరపావు మెట్లు కనిపిస్తాయి గానీ అవి అరుదు.

ఈ పావు మెట్ల కట్టుబాటు చేతిరాత చదివేవారికి మంచి తోడు. 1.15 లాగా కనిపిస్తే అలాంటి పవరు ఉండదు కనుక అది 1.75 అయి ఉంటుందని ఊహించవచ్చు. రాసినవారి 1 కి, 7 కి మధ్య తేడా చిన్నదని కూడా దానితో తెలుస్తుంది. అయితే బిందువుకు ముందున్న అంకెకు ఈ రక్షణ లేదు. 1.50 కూడా ఉంటుంది, 7.50 కూడా ఉంటుంది. అక్కడ పాత జోడు గానీ, వైద్యుడి మాట గానీ కావాలి.

యాడ్ అంటే దగ్గర పవరేనా?

కాదు. యాడ్ అంటే దగ్గర చూపు కోసం దూరపు పవరుకు కలపవలసిన మొత్తం. దగ్గర పవరు అంటే అలా కలిపాక వచ్చే ఫలితం. చత్వారం వచ్చినవారి కంటిలోని కటకం దగ్గరి వస్తువుకు తగినట్టు వంపు తిరగలేదు, ఆ లోటును ప్లస్ పవరుతో పూడుస్తారు. అందుకే యాడ్ ఎప్పుడూ ప్లస్‌గానే ఉంటుంది, దానికి ముందు గుర్తు రాయకపోయినా ప్లస్ అనే చదవాలి.

ఒక చీటీని దగ్గరగా చూద్దాం. అక్షరాలు గుర్తించినంతవరకు అందులో ఇలా ఉంది:

```
R   -150 / -075 x 90
L   -125 / -050 x 100
Add +200 BE
```

బిందువులు పెట్టి చదివితే కుడికంటి దూరపు పవరు స్ఫియర్ మైనస్ 1.50, సిలిండర్ మైనస్ 0.75, యాక్సిస్ 90. ఎడమకంటికి స్ఫియర్ మైనస్ 1.25, సిలిండర్ మైనస్ 0.50, యాక్సిస్ 100. చివరి BE వల్ల 2.00 యాడ్ రెండు కళ్ళకూ వర్తిస్తుంది. చదువుకోవడానికి విడిగా జోడు కావాలంటే యాడ్‌ను స్ఫియర్‌కు మాత్రమే కలపాలి, సిలిండర్‌నూ యాక్సిస్‌నూ ముట్టుకోకూడదు. కుడికంటికి మైనస్ 1.50, ప్లస్ 2.00 కలిసి ప్లస్ 0.50 అవుతుంది. ఎడమకంటికి ప్లస్ 0.75 అవుతుంది. కాబట్టి చదివే జోడు ఇలా ఉండాలి:

```
R   +0.50 / -0.75 x 90
L   +0.75 / -0.50 x 100
```

ఈ లెక్క చేయకుండా 2.00 నే దగ్గర పవరు అనుకుని అద్దాలు చేయిస్తే కుడికంటికి 1.50 డయాప్టర్లు ఎక్కువవుతాయి. సరైన అద్దంతో ఆ కన్ను ఏ శ్రమా లేకుండా 50 సెంటీమీటర్ల దూరంలో స్పష్టంగా చూస్తుంది, కంటిలో మిగిలిన కొద్దిపాటి సర్దుబాటు శక్తితో పుస్తకాన్ని ఇంకొంచెం దగ్గరకు కూడా తెచ్చుకోగలదు. తప్పు అద్దంతో ఆ కంటికి సుమారు 29 సెంటీమీటర్లకు అవతల ఉన్నదంతా మసకగా ఉంటుంది. కొత్త జోడు పెట్టుకున్న మనిషి పుస్తకాన్ని ముఖం మీదికి లాక్కుంటుంటే ఇలాంటి తప్పేదో జరిగిందని అనుమానించాలి. "అలవాటవుతుంది లెండి" అని పంపేయడం అన్యాయం. అది అలవాటుతో తీరే బాధ కాదు.

దగ్గర అని రాసిన వరుసలో +2.00 ఉంది. అది యాడా, పూర్తి దగ్గర పవరా?

ఇదే అసలు చిక్కు. Near అని గానీ, NV లేదా N అని గానీ రాసిన గడిలో కొందరు కలిపిన ఫలితాన్ని రాస్తారు, ఇంకొందరు యాడ్‌ను మాత్రమే రాస్తారు. ఏది రాశారో గుర్తుపట్టడానికి రెండు కళ్ళనూ పోల్చడం మంచి మార్గం. సాధారణంగా రెండు కళ్ళకూ యాడ్ ఒక్కటే ఉంటుంది. కాబట్టి దూరపు స్ఫియర్లలో ఎంత తేడా ఉందో, పూర్తి దగ్గర పవర్లలోనూ అంతే తేడా కనబడాలి. దూరంలో తేడా ఉండి, దగ్గర గడిలో మాత్రం రెండు కళ్ళకూ ఒకే సంఖ్య ఉంటే అది యాడ్ అయి ఉంటుంది.

పైన చూపిన చీటీలో కుడి, ఎడమల మధ్య పావు డయాప్టర్ తేడా ఉంది. Add అనే మాట చెరిగిపోయి 2.00 ఒక్కటే మిగిలినా, రెండు కళ్ళకూ అదే సంఖ్య ఉంది కనుక అది యాడ్ అని గ్రహించవచ్చు. ఇంకో చీటీలో దూరం కుడికి ప్లస్ 1.00, ఎడమకు ప్లస్ 1.25 అని, దగ్గర కుడికి ప్లస్ 3.00, ఎడమకు ప్లస్ 3.25 అని ఉందనుకుందాం. తేడా అలాగే నిలిచింది కాబట్టి ఇవి పూర్తి దగ్గర పవర్లు. తీసివేస్తే యాడ్ రెండు కళ్ళకూ 2.00 వస్తుంది. దూరం, దగ్గర రెండూ ఒకే అద్దంలో ఉండే బైఫోకల్‌కో ప్రోగ్రెసివ్‌కో ఆర్డరు రాసేటప్పుడు యాడ్ గడిలో ఈ 2.00 రాయాలి. అక్కడ 3.00 రాస్తే అద్దం కింది భాగంలో కుడికంటికి 4.00 వస్తుంది, ఆ కంటికి 33 సెంటీమీటర్లకు అవతల అక్షరం స్పష్టంగా కనబడదు.

రెండు కళ్ళ దూరపు పవరు సమానమైతే ఈ పోలిక పనిచేయదు. అప్పుడు యాడ్ ఉండదగిన పరిధిని చూడాలి. మామూలుగా యాడ్ 0.75 కు, 3.00 కు మధ్య ఉంటుంది. నలభై ఐదేళ్ళ దగ్గర 1.00 నుంచి 1.50 వరకు, అరవై దాటాక 2.25, 2.50 దగ్గర ఉండడం సాధారణం. రెండు కళ్ళకూ దూరం మైనస్ 3.00, దగ్గర గడిలో ప్లస్ 2.00 అని ఉంటే, దాన్ని పూర్తి పవరు అనుకున్నప్పుడు యాడ్ 5.00 అవుతుంది. మామూలు చదువుకు అంత యాడ్ ఇవ్వరు గనుక ఆ 2.00 యాడే.

కానీ రెండు కళ్ళకూ దూరం ప్లస్ 1.00, దగ్గర ప్లస్ 2.50 అని ఉన్న చీటీని ఏ లెక్కా తేల్చలేదు. యాడ్ 1.50 అయినా కావచ్చు, 2.50 అయినా కావచ్చు, రెండూ సహజమైన సంఖ్యలే. వయసు కొంత సూచన ఇస్తుంది గానీ దాని మీద అద్దం కోయించకూడదు. రాసినవారికి ఫోన్ చేసి అడగాలి. దూరపు పవరు సున్న అయినవారికి మాత్రం ఈ గొడవ లేదు, వారికి యాడ్ ఎంతో దగ్గర పవరూ అంతే.

ఒక కంటికి యాడ్ 2.00, ఇంకో కంటికి 2.50 వచ్చింది. తప్పేనా?

తప్పని కచ్చితంగా చెప్పలేము. ఒక కంటికి శస్త్రచికిత్స జరిగి లోపల కృత్రిమ కటకం ఉన్నప్పుడో, ఒక కంటి చూపు బాగా తగ్గినప్పుడో వేర్వేరు యాడ్‌లు కావాలనే ఇస్తారు. అలాంటి చరిత్ర ఏమీ లేని మనిషి చీటీలో ఈ తేడా కనిపిస్తే మాత్రం, మన తీసివేతనూ, మనం చదివిన అంకెలనూ మళ్ళీ చూసుకోవాలి. 2 ను, 5 ను తారుమారుగా చదివామేమో ముందు చూడాలి.

యాడ్ పక్కన N6 అని, దూరం పక్కన 6/6 అని ఉన్నాయి. అవి కూడా పవర్లేనా?

కావు. అవి ఆ అద్దంతో కన్ను ఎంత చదవగలిగిందో చెప్పే కొలతలు. 6/6 అంటే ఆరు మీటర్ల దూరంలో మామూలు కన్ను చదవగలిగే వరుసను ఈ కన్నూ ఆరు మీటర్ల నుంచే చదివిందని అర్థం. N6 అన్నది దగ్గరి అచ్చు అక్షరాల పరిమాణం. వీటిని అద్దాల ఆర్డరులో రాయనక్కరలేదు.

ప్లస్సో, మైనస్సో తెలియడం లేదు. ఏం చేయాలి?

గీతలున్న కాగితం మీద మైనస్ గుర్తు ఆ గీతలోనే కలిసిపోతుంది. ప్లస్‌లో నిలువు గీత పలచబడితే మైనస్ అయిపోతుంది. పాత జోడు ఉంటే ఇంట్లోనే చూడవచ్చు. అద్దాన్ని కంటికి కొంచెం ఎడంగా పట్టుకుని, దాని గుండా ఎదుటి గోడ మీది కిటికీ అంచును చూస్తూ అద్దాన్ని మెల్లగా పైకీ కిందికీ కదపాలి. అంచు అద్దంతోపాటు అదే వైపు కదిలితే మైనస్, ఎదురు దిశలో కదిలితే ప్లస్. కదలిక ఎంత చురుగ్గా ఉంటే పవరు అంత ఎక్కువ. శస్త్రచికిత్స జరిగిన కంటికి ఈ ఆధారం చెల్లదు, ఎందుకంటే ఆ తరువాత కంటి పవరు గుర్తుతో సహా మారిపోయి ఉండవచ్చు.

సిలిండర్ విషయంలో ఇంకో సంగతి ఉంది. ఒకే అద్దాన్ని ప్లస్ సిలిండర్‌తోనూ, మైనస్ సిలిండర్‌తోనూ రాయవచ్చు. ప్లస్ 1.00, మైనస్ 0.50, యాక్సిస్ 90 అన్నా, ప్లస్ 0.50, ప్లస్ 0.50, యాక్సిస్ 180 అన్నా అద్దం ఒక్కటే. మార్చడానికి స్ఫియర్‌కు సిలిండర్‌ను గుర్తుతో సహా కలిపి, సిలిండర్ గుర్తును తిప్పి, యాక్సిస్‌ను 90 డిగ్రీలు జరపాలి. పాత చీటీకీ కొత్త చీటీకీ సంఖ్యలు పూర్తిగా మారిపోయాయని కంగారుపడే ముందు ఈ మార్పిడి చేసి చూడండి. సగం మార్చి సగం వదిలేస్తే మాత్రం అది ఇంకో అద్దమే అవుతుంది.

యాక్సిస్ 10 ఆ, 100 ఆ?

డిగ్రీ గుర్తుగా పెట్టే చిన్న సున్న కొంచెం కిందికి జారితే 10 కాస్తా 100 అవుతుంది. అందుకే జాగ్రత్తగా రాసేవారు డిగ్రీ గుర్తు వదిలేసి, 010 అని మూడంకెల్లో రాస్తారు. యాక్సిస్ 180 ని దాటదు కాబట్టి 200 లాగా కనిపించేది 20 అనుకోవచ్చు గానీ, 10కి, 100కి అలాంటి హద్దు సాయం లేదు. ఈ రెండింటికీ మధ్య 90 డిగ్రీల ఎడం ఉంది, అంతకంటే పెద్ద యాక్సిస్ తప్పు ఉండదు. మైనస్ 0.75 సిలిండర్‌ను అలా అడ్డంగా తిప్పి బిగిస్తే, లోపం తీరకపోగా 1.50 డయాప్టర్ల సిలిండర్ లోపం కంటి ముందు నిలుస్తుంది. గీతలు ఒరిగినట్టు, నేల వంగినట్టు అనిపించి తల తిరుగుతుంది.

చీటీని నకలు రాసుకుని దుకాణానికి ఇవ్వవచ్చా?

నకలు రాయకండి, ఫోటో తీసి ఇవ్వండి. నకలులో మీ చేతిరాత మొదటి చేతిరాత మీద ఇంకో పొరగా పడుతుంది. తప్పనిసరిగా రాయవలసి వస్తే కుడి, ఎడమ అని పూర్తిగా రాయండి. ప్రతి సంఖ్యకూ ముందు గుర్తు, మధ్యలో బిందువు, తరువాత రెండంకెలు పెట్టండి. యాక్సిస్‌ను మూడంకెల్లో రాయండి. దగ్గర అనే మాటను ఒంటరిగా వాడకుండా యాడ్ అనో, పూర్తి దగ్గర పవరు అనో విడమరచి రాయండి. వైద్యుడి గదిలోంచి బయటకు రాకముందే ఆ ఒక్క గడి మీద వేలు పెట్టి, "ఇది కలిపిన పవరా, కలపవలసిన పవరా?" అని అడిగి, వారు చెప్పినదాన్ని వారిచేతనే పక్కన రాయించుకోండి.